అడుగున మూడు చుట్లు

హమాలీ అంతయ్యను బయటికి తీయడానికి, కట్టకు చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్‌ను కోసింది మక్సూదాయే. దాన్ని చుట్టింది కూడా ఆమే. నడుముకు దారంతో కట్టుకున్న చిన్న బ్లేడు కత్తి ఆ గోదాములో ఆమె దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. కంటైనర్ లోపల, ముప్పై అట్టపెట్టెల కట్ట ఒక్క ముద్దగా అంతయ్య మీద ఒరిగి ఉంది. ఒక్క పెట్టె అయినా ఊడి వస్తే ఆ సందులోంచి చెయ్యి పెట్టి లాగవచ్చు. కానీ ఒక్కటీ ఊడలేదు. నలుగురు కలిసి గుంజినా కదల్లేదు. నడిమిన అంత గట్టిగా, అంత శ్రద్ధగా చుట్టిందామె.

"కొయ్యి చెల్లె, కొయ్యి," అని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే జబ్బార్ గొంతు చించుకున్నాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చొని పై నుంచి కిందికి కోసింది. పెట్టెలు ఒకటొకటే తీసే సరికి అంతయ్య పోయాడు. మొహానికి దెబ్బ తగల్లేదు. కండ్లు మూసుకొనే ఉన్నాయి. ఇంటికి తీసుకుపోయినప్పుడు భార్య కమలవ్వ ఆ మొహాన్ని చూసుకోగలిగింది. ఆ రోజు జరిగిన వాటిలో మేలు అనదగ్గది ఏదైనా ఉంటే అదొక్కటే.

ఆదిలాబాద్ నుంచి మహారాష్ట్రకు పోయే రోడ్డు మీద ఉంది ఆ నూలు మిల్లు. నూలు కోన్లను అట్టపెట్టెల్లో పెట్టి, పెట్టెలను ప్యాలెట్ అనే చెక్క చట్రం మీద వరసలుగా పేర్చి, చుట్టూ పలచని ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించి, కంటైనర్‌లోకి ఎక్కించి బొంబాయి రేవుకు పంపుతారు. ఫిల్మ్ చుట్టే యంత్రాలు ఉంటాయని విన్నారు గానీ ఇక్కడెవరూ చూడలేదు. ఆడవాళ్ళే చుట్టాలి. రీలు బొంగులో ఇనుప కడ్డీ దూర్చి, రెండు చేతులతో పట్టుకొని, వెనక్కి వెనక్కి నడుస్తూ కట్ట చుట్టూ తిరగాలి. వెనక్కి వాలుతూ నడిస్తేనే ఫిల్మ్ సాగుతుంది. సాగితేనే పట్టుకుంటుంది.

సూపర్‌వైజర్ లింగమూర్తి పని నేర్పినప్పుడు చెప్పిన మాట ఒక్కటే. "అడుగున మూడు చుట్లు. చెక్కను, పెట్టెలను కలిపి మూడు. ఆ తర్వాత కింది చుట్టు మీదికి సగం ఎక్కుకుంట పైకి పోవాలె. నెత్తిన రెండు." ఆయన కరీంనగర్‌లో బీఎస్సీ చదివి వచ్చినవాడు. కోప్పడటం తెలియని మనిషి. తప్పు చుడితే తనే విప్పి, మళ్ళీ చుట్టమని కడ్డీ చేతికి ఇచ్చేవాడు.

అడుగున చుట్టడం కష్టం. నేలకు ఒంగి, రీలును పాదాల దగ్గర పట్టుకొని, వెనక్కి నడవాలి. పొద్దంతా చుడితే సాయంత్రానికి నడుము నిటారుగా నిలవదు. అయినా మక్సూదా మూడు చుట్లూ తిరిగేది. ఒక రీలు తొమ్మిది కట్టలకు రావాలని స్టోరులో నియమం. ఖాళీ బొంగు, తొమ్మిది కట్టల చీటి ఇస్తేనే కొత్త రీలు. లెక్క సరిగ్గా సరిపోయేది. చివర పది పన్నెండు మీటర్ల తోక మిగిలేది. కొసకు ముడతలు పడి చుట్టడానికి పనికిరాని ఆ తోకను ఇంటికి తీసుకుపోతే వాచ్‌మన్ ఏమీ అనేవాడు కాదు. వానాకాలంలో ఆ వాడలో సగం ఇండ్ల గూన పెంకుల మీద ఆ ఫిల్మే ఉండేది. మక్సూదా ఇంటి మీద, ఆమె పక్కనే ఉన్న కమలవ్వ ఇంటి మీద కూడా. కమలవ్వ ఇంటి మీద దాన్ని కప్పింది అంతయ్యే. కంటైనర్ ఎక్కించే హమాలీ కదా, ఎత్తులెక్కడం ఆయనకు అలవాటు.

ఆ వానాకాలం మొదట్లో మేనేజర్ భూపాల్‌రావు గోదాములోకి వచ్చి కంటైనర్ లోపలికి తొంగి చూశాడు.

"ఇదేంది లింగమూర్తీ, నెత్తి మీద గింత జాగ ఖాళీ? బొంబాయికి నూలు పంపుతున్నమా, గాలి పంపుతున్నమా?"

"నాలుగు వరసలే పెడుతున్నం సార్."

"ఆరు పెట్టుండ్రి."

ఆ మర్నాటి నుంచి ఆరు వరసలయ్యాయి. ఇరవై పెట్టెల కట్ట ముప్పై పెట్టెలదయింది. స్టోరులో నియమం మాత్రం మారలేదు. రీలుకు తొమ్మిది కట్టలే. ఇంకో రీలు ముందుగా కావాలని మక్సూదా అడిగితే స్టోరు గుమాస్తా చొక్కారావు తల ఎత్తకుండానే, "బొంగు తెచ్చినవా? చీటి తెచ్చినవా?" అన్నాడు. లింగమూర్తికి చెబితే, "రాసి పెడుత. అప్పటి దాక జర గుంజి చుట్టుండ్రి," అన్నాడు. రాశాడో లేదో ఆమెకు తెలియదు.

గుంజితే ఫిల్మ్ పొడుగవుతుంది గానీ వెడల్పు తగ్గుతుంది. మొదట్లో, ఉన్న ఫిల్మ్‌తోనే నెత్తి దాకా పోవాలని చుట్టుకూ చుట్టుకూ మధ్య పెద్ద పెద్ద అంగలు వేసి చూసింది. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా అంచులు మాత్రం తాకుతూ పోయాయి. ఒక కట్టకు నడుమ బొక్క పడి పెట్టె మూల బయటికి కనబడింది. ఆ రోజు భూపాల్‌రావు అందరి ముందూ ఆమెను కడిగేశాడు. "గిదేం కట్టుడు? చిరిగిన లుంగీ కట్టినట్టు."

ఇక మక్సూదా కన్ను అడుగు చుట్ల మీద పడింది. మూడింటికి బదులు ఒక్కటే తిరిగి, మిగిలిన రెండూ నడిమికి వాడింది. కట్ట నున్నగా, అద్దంలాగా కనబడేది. అడుగున ఎవరు చూస్తారు? పైగా నడుముకు హాయిగా ఉండేది. ఆ హాయి సంగతి ఆమె తనకు తాను కూడా ఒప్పుకోలేదు. మిగతా ఆడవాళ్ళూ చూసి అట్లాగే మొదలుపెట్టారు.

ఎవరూ చూడలేదని కాదు. అంతయ్య చూశాడు. ఫోర్క్‌లిఫ్ట్ ర్యాంప్ ఎక్కేటప్పుడు కట్ట చెక్క మీద వేలెడంత జారింది. అంతయ్య వచ్చి బీడీ ముట్టించుకుంటూ ఆమె పక్కన నిలబడ్డాడు.

"చెల్లె, అడుగు ఒదులైతుంది."

"కవరు సాలుతలేదన్నా. నేనేం జెయ్యాలె?"

"లింగమూర్తి సారుకు చెప్పకపోయినవా?"

"చెప్పిన. గుంజి చుట్టుమన్నడు. అడుగున ఒక్కటే తిప్పుతున్న అని ఎట్ల చెప్పాలె? బయటికి పంపుతరు."

అంతయ్య కొంచెంసేపు పొగ వదిలాడు. "సరే తియ్యి, ఫికర్ జెయ్యకు. ఎక్కేటప్పుడు నేను ముంగట నిలవడి చెయ్యి వెట్టి పట్టుకుంట."

అప్పటి నుంచి ప్రతి కట్టకూ ఆయన కంటైనర్ లోపల ముందు నిలబడి రెండు అరచేతులూ ఆన్చేవాడు. జబ్బార్ బండి ర్యాంప్ కొస మీద పైకి లేచి ఉన్న ఇనుప అంచును దాటేదాకా అట్లాగే పట్టుకొని, "ఆఁ, రానీ" అనేవాడు. ఆ రోజు వానకు తడిసిన ర్యాంప్ మీద బండి జారి ఇనుప అంచుకు కొట్టుకొని టక్కున ఆగింది. బండి ఆగింది, చెక్క ఆగింది. చెక్క మీది కట్ట ఆగలేదు.

*

భూపాల్‌రావు మూడో రోజుకల్లా కారణం కనుక్కున్నాడు. వాడలో ఇండ్ల మీద ఉన్న ఫిల్మ్‌ను ఎవరో చూసి చెప్పారు. ఆయన మక్సూదాను పిలిచాడు.

"నీ ఇంటి మీద ఉన్నది మిల్లు సామానేనా?"

"తోక ముక్కలు సార్. పనికిరానియి."

"తోకనో తలకాయనో. ఒక మనిషి పాణం పోయింది. చుట్లు తక్కువ తిప్పి మిగిలింది ఇంటికి మోసుకపోయినవ్. గంతే కథ. లేబర్ ఆఫీసర్ వస్తుండు. పోలీసుల దాకా పోకముందే ఒప్పుకో."

ఆ మాట ఆమె కంటే ముందే వాడకు చేరింది. ఇంటికి వచ్చే సరికి కమలవ్వ తన ఇంటి మీదికి నిచ్చెన వేసి, చిన్నకర్మ కూడా కాని ఇంటి ఆడమనిషి, పెంకుల మీది ఫిల్మ్‌ను గోళ్ళతో పీకుతోంది. వాన పడుతూనే ఉంది. కింద నుంచి మక్సూదా, "అక్కా, దిగక్కా, జారుతది" అంది.

కమలవ్వ ఫిల్మ్‌ను ముద్ద చేసి ఆమె కాళ్ళ ముందు విసిరింది. "నా మొగన్ని సంపిన కవరు నా ఇంటి మీదనే కప్పిచ్చినవా?"

ఆ రాత్రి కమలవ్వ ఇల్లు కురిసింది. మక్సూదా భర్త రహీమ్ రెండు బకెట్లు పట్టుకుపోతే, ఆమె తలుపు తీయలేదు. బకెట్లు గడప బయట పెట్టి వచ్చాడు. పొద్దున చూస్తే అవి లోపల ఉన్నాయి. మక్సూదా ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, మనసులో మాత్రం పెట్టుకుంది.

"జబ్బార్ భాయికి జెప్పు, లింగమూర్తి సారుకు జెప్పు, ఎవరికన్న జెప్పు," అన్నాడు రహీమ్. "నువ్వు దొంగవు గావని నాకెరుకే. గాని నేను సైకిల్ పంక్చర్లు ఏసేటోన్ని. నా మాట ఎవరింటరు?"

దొంగను కాదని ఆమెకూ తెలుసు. ఆమెను తినేసేది దొంగతనం మాట కాదు. అడుగున తిరగని రెండు చుట్లు. అవి లేక కట్ట జారుతోందని తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన ఇప్పుడు లేడు.

*

లేబర్ ఆఫీసర్ వచ్చిన రోజు వాన తెరిపి ఇచ్చింది. నూలు పరీక్షించే గదిలో కుర్చీలు వేశారు. ఆఫీసర్ పలచని మనిషి, జలుబుతో ఉన్నాడు. భూపాల్‌రావు ఆయన పక్కన కూర్చున్నాడు. కమలవ్వను పిలిపించారు. కుర్చీ చూపిస్తే వద్దని గడప మీద కూర్చుంది. మక్సూదా గోడకు ఆనుకొని నిలబడింది.

లింగమూర్తి ఒక గోనెసంచి పట్టుకొని వచ్చాడు. అందులో ఆ కట్ట నుంచి కోసిన ఫిల్మ్ ఉంది. తునకతో సహా ఏరి పెట్టాడు, చెక్కకు అంటుకున్నది కూడా. మరకలు లేవు. దూది పీచుతో ఒక్కొక్క ముక్కనూ తుడిచి, తడి లేకుండా ఆరబెట్టాడని జబ్బార్ తర్వాత చెప్పాడు. తూకంలో తడి కలవకూడదని. కమలవ్వ చూస్తుందని కూడా.

"సార్," అన్నాడు లింగమూర్తి ఆఫీసర్‌తో, "ఈమె ఫిల్మ్ తక్కువ వాడి ఇంటికి తీస్కపోయిందని అంటున్నరు. వాడింది ఎంతో తూకం వేస్తే తెలుస్తది."

"కొలిస్తే కాదా?"

"కొలిస్తే మోసం. గుంజితే పొడుగైతది, ఇప్పితే కొంత ముడుచుకుంటది. ఎంత గుంజినా బరువు మాత్రం మారది. మా మిల్లుల నూలు సన్నదా దొడ్డుదా తేల్చుడు గిట్లనే. నూట ఇరవై గజాలు చుట్టి త్రాసుల ఏస్తం."

భూపాల్‌రావు నవ్వాడు. "ఏ, గిదంత ఎందుకు లింగమూర్తీ?"

"ఏయనియ్యండి," అన్నాడు ఆఫీసర్ ముక్కు తుడుచుకుంటూ.

మక్సూదా మనసులో లెక్క వేసుకోబోయింది. ఎంత గుంజి చుట్టింది ఆ రోజు? ఒళ్ళంతా వాల్చి గుంజింది. అంత సాగితే రీలు నుంచి పోయింది తక్కువే ఉండవచ్చు. త్రాసు తక్కువ చూపిస్తే, ఆ తక్కువైంది ఆమె ఇంటికి పోయిందనే కదా అంటారు? తొమ్మిది కట్టలకూ సమంగా వచ్చిందా, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ పోయిందా? గుర్తు తెచ్చుకోబోతే ఆ రోజు కంటైనర్ లోపలిదే కనబడుతోంది తప్ప ఇంకేమీ రావడం లేదు.

లింగమూర్తి కొత్త రీలు నుంచి గుంజకుండా పది మీటర్లు పరిచి, కోసి, త్రాసులో వేశాడు. నూట ఆరు గ్రాములు. ఆఫీసర్ తనే ఒంగి చూశాడు. తర్వాత సంచిలోదంతా త్రాసు మీద ముద్దగా పెట్టారు. ముల్లు ఊగి ఊగి నిలిచింది.

"మూడు వందల నలభై ఒకటి," అన్నాడు ఆఫీసర్.

"ముప్పై రెండు మీటర్లు," అన్నాడు లింగమూర్తి. "రీలు మూడు వందల మీటర్లు. తొమ్మిది కట్టలకు తలా ముప్పై రెండు, పోంగ మిగిలే తోక పన్నెండు. ఈమెకు ఎంత ఇచ్చినమో అంత కట్టకే చుట్టింది. ఆ తోక తప్ప ఒక్క మూర ఇంటికి పోలే."

గడప మీద కమలవ్వ తల ఎత్తింది. ఆమె మొహంలో ఏమీ మారలేదు. చూపు మాత్రం త్రాసు మీది నుంచి మక్సూదా మీదికి వచ్చి, అక్కడే ఆగింది.

భూపాల్‌రావు కుర్చీలో ముందుకు జరిగాడు. "మరి ఆ పన్నెండు మీటర్లు? అది చుడితే పడకపోవు గదా?"

"చుట్టొచ్చు సార్. ఒక్క కట్టకు. తక్కిన ఎనిమిదింటికో?"

ఆఫీసర్ చేతిలో కలం తిప్పుతూ, "అంటే ఒక్కో కట్టకు పన్నెండు మీటర్లు తక్కువైతుందా?" అని అడిగాడు.

లింగమూర్తి సుద్దముక్క తీసుకొని నేల మీదే గీశాడు. "కట్ట పొడుగు మీటరు ఇరవై, వెడల్పు మీటరు. చుట్టూ తిరిగొస్తే నాలుగు మీటర్ల నలభై. ఫిల్మ్ అర మీటరు వెడల్పు. సగం మీద సగం ఎక్కాలంటే ఒక్కో చుట్టుకు పావు మీటరే పైకి పోతం. పాత కట్ట మీటరు పావు ఎత్తు. అడుగున మూడు చుట్లు అర మీటరు కప్పుతయి. మిగిలిన ముప్పావు మీటరు ఎక్కనీకి మూడు. నెత్తిన రెండు. ఎనిమిది చుట్లు, ముప్పై అయిదు మీటర్ల పైచిలుకు. గుంజితే పదో వంతు సాగుతది గనుక రీలు నుంచి పోయేది ముప్పై రెండు. రీలుకు తొమ్మిది కట్టలని నియమం పెట్టింది అందుకే."

"కొత్త కట్ట?"

"మీటరు ఎనభై అయిదు. అడుగు అర మీటరు పోతే మీటరు ముప్పై అయిదు ఎక్కాలె. పావు పావుగ పోతే ఆరు చుట్లు పడుతయి. అడుగు మూడు, నెత్తి రెండు. పదకొండు. నలభై ఎనిమిది మీటర్ల పైన. రీలు నుంచి నలభై నాలుగు కావాలె." సుద్దముక్క అక్కడే ఆగింది. "ముప్పై రెండు ఇచ్చి నలభై నాలుగు పని చెయ్యమన్నం సార్. వరసలు పెంచినం, నియమం పెంచలే. వీళ్ళు అడిగిండ్రు. గుంజి చుట్టమన్న. నేనే అన్న."

భూపాల్‌రావు కిటికీ వైపు చూస్తూ, "నన్నెవరూ అడగలే," అన్నాడు.

ఆఫీసర్ రాసుకున్నాడు. "పన్నెండు మీటర్లు తక్కువైంది. ఎక్కడ తక్కువైంది? నెత్తినా, నడుమనా, అడుగునా?"

లింగమూర్తికి తెలుసు. చెక్కకు ఒక్క పొరే అంటుకొని ఉంది. దాన్ని ఆయనే తీసి సంచిలో వేశాడు. మక్సూదా వైపు చూడలేదు.

"ముక్కలైంది సార్. ఇప్పుడు చెప్పరాదు," అన్నాడు.

ఆయన జీవితంలో అబద్ధాలు ఎన్ని ఆడాడో ఎవరికి తెలుసు గానీ, ఇదొకటి ఆమె కోసం ఆడాడు. ఆమె పని నిలబడింది. పేరు నిలబడింది. ఇంటికి పోయి రహీమ్‌కు చెప్పవచ్చు.

"సరే," అన్నాడు భూపాల్‌రావు, మళ్ళీ ధైర్యం తెచ్చుకొని. "ఫిల్మ్ సంగతి గట్లనే అనుకుందాం. రేపటి నుంచి రీలుకు ఆరే. కాని కట్ట ఎక్కేటప్పుడు దాని ముంగట మనిషి ఎందుకుండాలె? ముంగట నిలవడొద్దని గోడ మీద రాసి ఉంది. వాడు ఎందుకు నిలవడ్డడు? పొద్దున్నే కల్లు దిగేసి వస్తడని నలుగురు అంటున్నరు. రాసుకోండ్రి. తాగిన మనిషి ఒళ్ళు తెలువక అడ్డం నిలవడ్డడు."

"తాగడు," అంది గడప మీది నుంచి కమలవ్వ. అరవలేదు. "పనికొచ్చే దినం తాగడు."

"అమ్మా, నువ్వు ఇంట్ల ఉంటవ్. గోదాంల ఏమైతదో నీకేం ఎరుక?"

"ఎరుక లేదు సారు. అందుకే అడుగుతున్న. గాడ ఎందుకు నిలవడ్డడు?"

జబ్బార్‌ను పిలిపించి అడిగితే, "ఎప్పుడు నిలవడేటోడే సార్. ఎందుకో నాకు జెప్పలే" అన్నాడు. ఆఫీసర్ "మృతుడు నిబంధనకు విరుద్ధంగా కట్టకు ఎదురుగా నిలబడి ఉన్నాడు" అని పైకి చదువుతూ రాశాడు. తాగిన సంగతి రాయాలా వద్దా అన్నట్టు కలం పైకి ఎత్తి, భోజనం తర్వాత చూద్దామని లేచాడు.

*

బయట గోదాము వరండాలో నీళ్ళ కుండ దగ్గర మక్సూదా నిలబడి ఉంటే కమలవ్వ వచ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె అంత దగ్గరికి రావడం అదే మొదటిసారి. తల మీది కొంగు సరిచేసుకుంది.

"నువ్వు దొంగవు గావు," అంది. "వాడల చెప్త. పెంకల మీది కవరు ఊకెనే పీకిన."

"అక్కా."

"ఇప్పుడు ఇల్లంత కురుస్తుంది. అది సరే గాని." కమలవ్వ ఇంకో అడుగు దగ్గరికి వచ్చింది. "తాగిండని రాస్తరట. నా కొడుకు బడికి పోతడు. రేపు వాన్ని పిల్లలు అంటరు, మీ బాపు తాగి సచ్చిండని. ఆయనకు పిచ్చా మక్సూదా? అంత బరువు ముంగట పోయి నిలవడనీకి?"

మక్సూదా కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి ఆమెకు ఇచ్చింది. కమలవ్వ తీసుకుంది. తాగింది. ఆ చెంబు ఖాళీ అయ్యేదాకా మక్సూదా చూస్తూ నిలబడింది. మాట్లాడకుండా ఉండిపోవడానికి అంతకంటే మంచి సమయం రాదు. లింగమూర్తి సారు తన నోటితో ఆమెను కాపాడి పెట్టాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. రహీమ్ పంక్చర్ల మీద ఇల్లు నడవదు. అడుగు జారుతోందని గుర్తించిన మనిషి మట్టిలో ఉన్నాడు.

"అడుగున మూడు చుట్లు తిప్పాలె అక్కా," అంది. "నేను ఒక్కటే తిప్పిన. కవరు సాలక. నడుము నొస్తుండె గూడ. కట్ట చెక్క మీద జారుతుందని అన్నకు ఎరుకైంది. నన్ను బయటికి పంపుతరని, ఎవరికీ జెప్పలే ఆయన. నేను చెయ్యి వెట్టి పట్టుకుంట, నువ్ ఫికర్ జెయ్యకు అన్నడు. గందుకే నిలవడేటోడు. ప్రతి కట్టకు."

కమలవ్వ చేతిలో చెంబు అట్లాగే ఉంది. ఆమె కొడుతుందని మక్సూదా అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. కమలవ్వ చెంబును కుండ మీద బోర్లించి, అది జారకుండా సరిచేసి, అప్పుడు మాట్లాడింది.

"నీకోసం నిలవడ్డడా?"

"నాకోసమే."

కమలవ్వ, "గా మాట లోపట చెప్తవా?" అంది.

చెబితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. కమలవ్వ బతిమాలలేదు, బెదిరించలేదు. అడిగి, జవాబు కోసం నిలబడింది.

భోజనం నుంచి ఆఫీసర్ తిరిగి వచ్చే సరికి వాళ్ళిద్దరూ పరీక్ష గది తలుపు దగ్గర ఉన్నారు. లింగమూర్తి మక్సూదా మొహం చూసి, సుద్దముక్క కింద పెట్టి, చిన్నగా తల అడ్డంగా ఊపాడు. వద్దమ్మా అన్నట్టు. ఆమె ఆయనకు నమస్కారం పెట్టినట్టుగా చేతులు కలిపి లోపలికి వచ్చింది.

"సార్, ఎక్కడ తక్కువైందని అడిగిండ్రు గదా. అడుగున తక్కువైంది. నేనే తక్కువ చేసిన."

భూపాల్‌రావు లేచి నిలబడ్డాడు. "ఆలోచించుకొని మాట్లాడు. నువ్వు చెప్పేది నీ మీదికే వస్తది."

"ఎరుకే సార్," అంది మక్సూదా. తర్వాత ఆఫీసర్ వైపు తిరిగి మొదటి నుంచి చెప్పింది. బొక్క పడ్డ కట్ట, లుంగీ మాట, అడుగు నుంచి నడిమికి తెచ్చిన రెండు చుట్లు, అంతయ్య బీడీ ముట్టించుకుంటూ అన్న మాట, అరచేతులు ఆన్చి నిలబడటం. చెబుతూ ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది, ఆయన ఎట్లా పట్టుకునేవాడో చూపించడానికి. గడప మీద కమలవ్వ ఆ చేతులను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆఫీసర్ చాలాసేపు రాశాడు. ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు. పొద్దున రాసిన వాక్యాన్ని ఒక గీతతో కొట్టి, దాని మీద ఇంకోటి రాసి, పైకి చదివాడు. "కట్ట జారిపోకుండా చేతులతో ఆపడానికి మృతుడు దాని ఎదుట నిలబడేవాడు." తాగిన మాట ఎక్కడా లేదు. కింద మక్సూదా వేలిముద్ర వేసింది. ఆ పక్కన లింగమూర్తి, తనే గుంజి చుట్టమన్నానని ఇంకో వాక్యం రాయించి, సంతకం పెట్టాడు.

ఆమెను మర్నాటి నుంచి రావద్దన్నారు. వరసలు పెంచినందుకు భూపాల్‌రావును ఎవరూ ఏమీ అనలేదు. లింగమూర్తిని స్టోరుకు మార్చారు. రీలుకు ఆరు కట్టల నియమం మాత్రం నిలిచింది.

సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. మిల్లు గేటు దాటి రోడ్డు మీద కమలవ్వ ముందు నడుస్తోంది, పది అడుగుల వెనక మక్సూదా. వాడ మలుపు దగ్గర కమలవ్వ ఆగింది. వెనక్కి చూడలేదు. మక్సూదా వచ్చి కలిసేదాకా ఆగి, మళ్ళీ నడిచింది.